‘మ్యాచ్ కట్’ను తెలుగులో ఏమనాలి?

అనువాదకురాలు:
సినిమా కూర్పు మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ‘మ్యాచ్ కట్’ దగ్గర ఆగిపోయాను. ఒక దృశ్యం చివర కనిపించిన ఆకారమో కదలికో, తెర మీద అదే చోట, మరో దృశ్యం మొదట్లో వేరే వస్తువై కనిపిస్తుంది. దానికి పెట్టిన పేరు ఇది. ‘సరిపోలిక కోత’ అని రాసి చూశాను, శస్త్రచికిత్స పేరులా ఉంది. ఇంగ్లీషు మాటనే ఉంచేయమంటారా?

పాత పాఠకుడు:
ఆట మధ్యలో ప్రసారం ఆగిపోవడం గురించేమో అనుకొని లోపలికి వచ్చాను, మన్నించండి. మీ వివరణ చదివాక మాత్రం ఇది ఉపమాలంకారమే కదా అనిపించింది. చంద్రుని వంటి ముఖం, ముఖం వంటి చంద్రుడు. ‘ఉపమా సంధి’ అనండి, సరిపోతుంది.

పద్యాభిమాని:
ఉపమలో పోల్చేదీ పోల్చబడేదీ ఒకే వాక్యంలో పక్కపక్కన నిలబడాలండీ. ఇక్కడ ఒకటి వెళ్లిపోతేగాని రెండోది రాదు. నాకైతే ముక్తపదగ్రస్తం గుర్తుకొచ్చింది. బడిలో అందరం వల్లించిన కందమే చూడండి:

సుదతీ నూతన మదనా
మదనాగతురంగపూర్ణ మణిమయసదనా

మొదటి పాదం చివర ‘మదనా’ అంటే మన్మథుడు. పాదం విరగ్గానే అవే అక్షరాలు ‘మద నాగ’ అయి మదపుటేనుగులుగా మారాయి. చెవికి ఏమీ మారలేదు, అర్థం మాత్రం రాజసౌందర్యం నుంచి ఏనుగుల శాలకు వెళ్లిపోయింది. విడిచిన పదాన్నే మళ్లీ పట్టుకోవడం అని పేరులోనే ఉంది. మీరు చెప్పిన కోత చేసేదీ అదే కదా?

కూర్పరి:
ఎడిటింగ్ బల్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని. ఈ పద్యం పోలిక నాకు బాగా నచ్చింది. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో గాలిలోకి విసిరిన ఎముక కింద పడుతుండగా కోత పడుతుంది, మరుక్షణం అంతరిక్షంలో ఉపగ్రహం. పొడవాటి తెల్లని ఆకారం ఒక్కటే మిగిలింది, తక్కినదంతా మారిపోయింది. కొలతలు పెట్టి చూస్తే ఆ రెండు ఆకారాలు అచ్చుగుద్దినట్టు ఏమీ ఉండవు. చూపు నిలిచిన చోటే రెండోది దొరికింది, అంతే.

లఘుచిత్రాల మనిషి:
మా దగ్గర మ్యాచ్ కట్ అంటే వేరండీ. దూరపు షాట్‌లో మనిషి కుర్చీలో కూర్చోబోతాడు, దగ్గరి షాట్‌లో కూర్చోవడం పూర్తవుతుంది. కదలిక మధ్యలో కోస్తే అతుకు కనిపించదు. మీరు చెబుతున్నది కవిత్వం.

కూర్పరి:
ఆ పేరుతో దాన్నీ పిలుస్తారు, మీది తప్పు కాదు. కానీ రెండూ చేసే పని ఎదురెదురు. మీ కుర్చీ కోతలో ప్రేక్షకుడికి కోత పడిందన్న సంగతే తెలియకూడదు. అనువాదకురాలు గారు అడిగిన దానిలో తెలిసి తీరాలి. చోటు మారింది, కాలం మారింది, అయినా ఏదో ఒకటి మారలేదు అని అతనికి తట్టాలి. అందుకే ఒకే మాట రెండింటికీ సరిపోదు.

వారాంతపు దర్శకుడు:
పేరు సంగతి మీరు తేల్చండి, నాకు పని ఆగిపోయింది. నా కథలో సైకిల్ పడిపోతుంది, చక్రం ఇంకా తిరుగుతూ ఉంటుంది. అక్కడ కోసి ఆసుపత్రి గదిలో సీలింగ్ ఫ్యాను చూపించాలి. చక్రం గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. ఫ్యాను కూడా కింది నుంచి చూస్తే అలాగే తిరుగుతుందని తల పైకెత్తి చూసుకొనే తీశాను. తీరా కంప్యూటర్‌లో చూస్తే ఫ్యాను వెనక్కి తిరుగుతోంది! కోత దగ్గర కన్ను గిర్రున తిరిగినట్టు అవుతోంది.

కూర్పరి:
మీ కన్ను సరిగానే చూసింది, తేడా కెమెరా లెక్కలో వచ్చింది. మూడు రెక్కల ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 5 చుట్లు. మీరు సెకనుకు 25 ఫ్రేములు తీస్తే ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య రెక్క 72 డిగ్రీలు జరుగుతుంది. రెక్కకూ రెక్కకూ మధ్య ఉన్నది 120 డిగ్రీలే. అంటే ముందు రెక్క ఉండిన చోటికి 48 డిగ్రీల వెనుక ఇప్పుడు ఇంకో రెక్క వచ్చి ఉంటుంది. రెక్కలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి కన్ను దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకొని, ఫ్యాను 48 డిగ్రీలు వెనక్కి జరిగిందని నమ్ముతుంది.

రెగ్యులేటర్ తగ్గించి, నిమిషానికి 100 చుట్ల దగ్గర తీయండి. అప్పుడు ఫ్రేముకు 24 డిగ్రీలే, దిక్కు సరిగ్గా కనిపిస్తుంది. పడిపోయిన సైకిల్ చక్రం వేగానికీ అది దగ్గరగా ఉంటుంది. చక్రానికి చువ్వలు ఎక్కువ కాబట్టి అక్కడ ఈ మోసం ఇంకా తొందరగా వస్తుంది. ఒక చువ్వకు ఎర్ర రిబ్బను కట్టి ఉంచితే కన్ను దాని వెంటే పోతుంది.

వారాంతపు దర్శకుడు:
మళ్లీ ఆ గదికి వెళ్లే వీలు లేదు. తీసిన దానితో కుదరదా?

కూర్పరి:
ఫ్యాను బొమ్మను అద్దంలో చూపినట్టు ఎడమ కుడులు తిప్పేయండి. వెనక్కి తిరిగేది ముందుకు తిరుగుతుంది. ఫ్రేములో అక్షరాలు లేకపోతే ఎవరూ పట్టుకోలేరు. స్విచ్చి ఆపాక కూడా కెమెరా నడిచి ఉంటే ఇంకా మంచిది, ఫ్యాను నెమ్మదించాక అసలు దిక్కు దానంతట అదే బయటపడుతుంది. అక్కడి నుంచి వాడుకోండి, అప్పుడు తిప్పే అవసరం లేదు.

తర్వాత చోటు చూసుకోండి. చక్రం చివరి ఫ్రేమును సగం పారదర్శకంగా చేసి ఫ్యాను మొదటి ఫ్రేము మీద పరచండి. చక్రం ఇరుసు, ఫ్యాను నడిమి గిన్నె ఒకదాని మీద ఒకటి పడాలి. పరిమాణంలో కొంచెం తేడా ఉన్నా నష్టం లేదు, నడిమి బిందువు జరిగితే మాత్రం అదే ముందు కనిపిస్తుంది. వెడల్పు 3840 చుక్కలతో తీసి, చివరి చిత్రాన్ని 1920లో ఇచ్చేట్టయితే బొమ్మను రెండింతల దాకా పెంచి జరుపుకోవచ్చు. లేకపోతే కొద్దిగా పెంచగానే మసకబారుతుంది.

ఇంకొక్కటి. కోతకు ముందు చక్రం ఒక సెకనైనా తెరలో స్థిరమైన చోట ఉండాలి. కన్ను అప్పటికింకా పడిపోయిన మనిషి ముఖం మీదే ఉంటే మీరు ఎంత కొలిచినా వృథా.

వారాంతపు దర్శకుడు:
ఆపాక ఆరేడు సెకన్లు ఉంది! ఇరుసు కలిపాను. మొదటిసారి కలిసింది. చక్రం తెర అంచుకు కొద్దిగా తెగుతోంది, ఫ్యాను తెగడం లేదు. రాత్రికి చూస్తాను.

పాత పాఠకుడు:
ఒకదాని మీద ఒకటి పరిచినప్పుడు రెండూ ఒకేసారి కనిపిస్తాయి కదా. ఒకటి కరుగుతూ ఇంకొకటి తేలితే అది నా ఉపమే అవుతుంది. పట్టు వదలను.

కూర్పరి:
డిసాల్వ్ అయితే ఒప్పుకుంటాను. కోతకు మాత్రం కాదు.

అనువాదకురాలు:
మన పాత సినిమా పేర్ల జాబితాల్లో ఎడిటింగ్‌ను ‘కూర్పు’ అని వేసేవారు. ఇంగ్లీషు కోసే పనిని చూస్తే తెలుగు గుచ్చే పనిని చూసింది. అందుకని ‘కోత’ వదిలేసి, రెండు దృశ్యాల మధ్య దానికి ‘అందింపు కూర్పు’ అని రాద్దామనుకుంటున్నాను. ఒక వస్తువు చూపును ఇంకో వస్తువు చేతికి అందిస్తోంది కాబట్టి.

పద్యాభిమాని:
‘అందింపు’ బాగుంది, ‘కూర్పు’ దగ్గర నాకు అనుమానం. ముక్తపదగ్రస్తంలో పాదం విరగాలి. విరుపు లేకపోతే ఏనుగులు రావు.

లఘుచిత్రాల మనిషి:
నా కుర్చీకి కూడా ఒక పేరు పెట్టి పుణ్యం కట్టుకోండి.

అనువాదకురాలు:
ప్రస్తుతానికి మొదటిసారి ‘మ్యాచ్ కట్’ అని, ఆ పక్క వాక్యంలో ‘అందింపు కోత’ అని రాసి పంపుతున్నాను. కుర్చీది రేపు.