మెరుగు పెట్టిన పోస్టులో వివరాలు జారిపోయాయో లేదో ఎలా చూస్తున్నారు?

కాలువగట్టు: ఒక పెద్దాయన రాసిన నాగార్జునసాగర్ జ్ఞాపకాలను మా లైబ్రరీ సావనీర్ కోసం తిరగరాయించాం. చదవడానికి హాయిగా ఉంది, కానీ ఏమైనా పోయిందేమోనని టెన్షన్.

అసలుది: “1955 డిసెంబర్ 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మా చేలు కుడి కాలువ కింద ఉన్నాయి. నీళ్లొచ్చాక సుమారు పాతిక కుటుంబాలు జొన్న మానేసి వరికి దిగాయని మా నాన్న అనేవాడు.”

కొత్తది: “1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లిచ్చింది. ఆ నీటితో పాతిక కుటుంబాలు జొన్న నుంచి వరికి మారాయి.”

లైనక్స్_రాజు: రెండింటినీ ఫైళ్లలో పెట్టి అంకెలు పోల్చండి. తేడా ఉంటే కనిపిస్తుంది.

```
diff <(grep -oE '[0-9]+' asalu.txt | sort) \
     <(grep -oE '[0-9]+' kotta.txt | sort)
```

మీ పేరాలకు ఏమీ రాలేదు. అంటే ఓకే.

పాత సబ్‌ఎడిటర్: రాజు గారూ, అంకెలు నాలుగూ ఉన్నాయి, నిజమే. ఇందిరాగాంధీ ఏరి? రెండు వాక్యాలను ఒకటి చేసినప్పుడు రెండో కర్త ఎగిరిపోయింది. ఇప్పుడు చదివేవాళ్లు నీళ్లు వదిలింది కూడా నెహ్రూయే అనుకుంటారు. ఆయన 1964లోనే పోయారు. ‘పాతిక’ అక్షరాల్లో ఉంది కాబట్టి మీ కమాండ్‌కు అసలు కనపడదు.

నేనైతే అసలు కాపీ ప్రింటు తీసి పేరు, తేదీ, అంకె, చోటు అన్నిటి కిందా గీత గీస్తాను. కొత్తదాంట్లో దొరికినదానికి టిక్కు పెడతాను. అంకె ఒక్కటే దొరికితే టిక్కు లేదు, ఎవరు ఏం చేశారన్నదీ దాంతోపాటే ఉండాలి. ఇక్కడ టిక్కు పడనివి ఇందిరాగాంధీ, కుడి కాలువ, ‘సుమారు’, ‘నాన్న అనేవాడు’. చివరి రెండూ మహా ప్రమాదం. అవి పోతే విన్న మాట లెక్కతేలిన నిజమైపోతుంది. తర్వాత కొత్తదాని నుంచి పాతదానికి కూడా ఒకసారి వెళ్లాలి. మెరుగు పెట్టేవాళ్లు ‘ఆసియాలోనే పెద్దది’ లాంటివి తోచినట్టు తగిలిస్తుంటారు.

గుంటూరు కారం: మా అపార్ట్‌మెంట్ మీటింగ్ మినిట్స్‌లోనూ ఇంతే! ‘ఖర్చు పరిశీలించాలి’ అన్నది ‘ఆమోదించారు’ అయింది. పెయింటింగ్ డబ్బులు కట్టేశాం. అయినా అసలు పోస్టులోనే తప్పుంటే, కొత్తదాంట్లో సరిచేయాలి కదా?

పాత సబ్‌ఎడిటర్: అది వేరే పని అండీ. చెప్పకుండా సరిచేస్తే ఆయన రాసిందేదో, మనం దిద్దిందేదో తెలియదు. పక్కన రాసి ఆయన్నే అడగాలి.

కాలువగట్టు: ఇంకోచోట ‘నిరుడు కాలువకు గండి పడింది’ అని ఉంది. పోస్టు 2021 నాటిది. కొత్తదాంట్లోనూ ‘నిరుడు’ అనే ఉంచారు.

లైనక్స్_రాజు: 2020 అని వేసేయండి.

పాత సబ్‌ఎడిటర్: ఆయన అంతకుముందే రాసిపెట్టుకుని 2021లో పోస్టు చేసి ఉంటే? ఫోన్ చేయండి.

కాలువగట్టు: ఎత్తడం లేదు. ప్రెస్సువాళ్లు రేపటికల్లా ఫైలు కావాలంటున్నారు.