ఈ వారం సమస్యాపూరణ పాదం: కోడి వండి తినియుఁ గూసెఁ దానె

పల్లకి (నిర్వాహకుడు): పొద్దున్నే పక్కింటి పుంజు నిద్ర లేపితే తట్టిన పాదం ఇది. ఈసారి అదనంగా ఒక్క షరతు. పూరించిన పద్యాన్ని ఎవరైనా ఇంగ్లీషులోకి మారిస్తే, ప్రతి క్రియ ముందూ ఎవరో ఒకరు నిలబడాలి. ఆ ఎవరో పద్యంలోంచే తేలాలి. "కవిగారిని అడగండి" అంటే చెల్లదు. పోయినసారి సగం పూరణలు అలాగే జారుకున్నాయి.

గోదారిగట్టు: బోణీ నాదే.

ఊరివారి నెల్ల నుదయాన లేపంగఁ
గోడి లేదటంచుఁ గుంది కుంది
రాత్రి విందుఁ జేసి రామయ్య తాతయ్య
కోడి వండి తినియుఁ గూసెఁ దానె

ఊళ్ళో ఉన్న ఒక్క పుంజూ తాతయ్య కడుపులోకి పోయింది. ఊరివాళ్ళు గోల పెడితే పాపం ఆయనే కూశాడు.

ఓరుగల్లు పిల్ల: హహ, తాతయ్య బాగున్నాడు. "తానె" అక్కడ అచ్చంగా అతికింది.

శేషు మాస్టారు: యతులు కుదిరాయి, గణాలు కుదిరాయి, గట్టుగారికి అది అలవాటే. కానీ మీరు కింద రాసిన కథ పై పద్యంలో లేదండీ. గోల పెట్టింది ఊరివాళ్ళన్నారు. పద్యంలో ఊరివాళ్ళు ఎక్కడ ఏడ్చారు? "కుంది" అన్నారు. అది క్త్వార్థకం, దానికి కర్త తరవాత వచ్చే ప్రధానక్రియ కర్తే. "సమానకర్తృకయోః పూర్వకాలే" అని పాణిని చెప్పనే చెప్పాడు. కూసింది తాతయ్య కాబట్టి కుందిందీ తాతయ్యే. కోడి లేదని కుమిలి కుమిలి ఏడుస్తూ ఆ కోడినే వండుకుని తిన్న మహానుభావుడిని సృష్టించారు. ఇంగ్లీషు చేసేవాడు "హీ" అనే రాస్తాడు, తప్పు వాడిది కాదు.

గోదారిగట్టు: మాస్టారూ, సందర్భం అనేది ఒకటుంటుంది కదా. "ఊరివారి" అని మొదటి పాదంలోనే పెట్టాను.

శేషు మాస్టారు: పెట్టారు, ద్వితీయలో పెట్టారు. వాళ్ళు లేపబడేవాళ్ళు.

అనువాదిని: మాస్టారు పట్టుకున్నది సరైన చోటే. మరమ్మతు మాత్రం చిన్నది. ఒక్క గుడి తీసేసి, రెండో "కుంది" చోట "జనులు" పెడితే చాలు:

కోడి లేదటంచుఁ గుంద జనులు

"కుంది" అంటే ఆ పని చేసినవాడే తరవాతి పనీ చేస్తాడు. "కుంద" అంటే ఒకరు కుందుతుంటే ఇంకొకరు ఇంకోటి చేయొచ్చు. ఇప్పుడు ఏడ్చింది జనం, కూసింది తాతయ్య. నేను అనువాదానికి కూర్చున్నప్పుడు ముందు చూసేది ఈ తోకలనే. "వచ్చి" ఉంటే కర్తని కొనసాగిస్తాను. "వస్తే", "రాగానే", "వస్తుండగా" ఉంటే ఆగి, మనిషి మారాడేమో వెతుకుతాను. మారి తీరాలని లేదు, మారే వీలుంది అంతే.

గోదారిగట్టు: ద్విరుక్తి పోయిందే అని బాధ. సరే, జనులే ఉండనివ్వండి.

అనువాదిని: ఇంకోటి మాస్టారూ. మీ సూత్రం అన్ని చోట్లా నిలవదు. "వాన కురిసి చెరువు నిండింది" అంటాం. కురిసింది వాన, నిండింది చెరువు. "గోడ కూలి ఇద్దరు పోయారు" అని పేపర్లో రోజూ చదువుతాం. "కురిసి" చూసి కర్తని కొనసాగిస్తే చెరువే కురుస్తుంది.

శేషు మాస్టారు: అవి లోకవ్యవహారం. శిష్టకావ్యాల్లో...

అనువాదిని: లోకం వ్యవహరించేదే కదండీ నేను అనువదించేది. పైగా దానికీ ఓ పద్ధతుంది. ముందు జరిగింది కారణం, తరవాతది దాని ఫలితం, ఆ ఫలితం ఎవరూ కావాలని చేసింది కాదు. అలాంటప్పుడే కర్త మారినా చెవికి ఇబ్బంది అనిపించదు. "అతను వచ్చి నేను వెళ్ళాను" అనండి చూద్దాం. నోరు తిరగదు, "అతను వచ్చాక" అనే అంటాం.

ఓరుగల్లు పిల్ల: నాది.

పాప చెప్పె నొక్క బాగైన కథ నేఁడు
గింజ లేరి తెచ్చి గిన్నెఁ బెట్టి
నక్క యడుగ నీక నవ్వుచు మెల్లగా
కోడి వండి తినియుఁ గూసెఁ దానె

అందరూ కోడిని వండుతారని తెలుసు. అందుకే నా కోడే వండింది.

పల్లకి: ఇదీ మలుపంటే! "కోడి వండాడు" అన్నట్టు "ని" లేకుండా కోడి కర్మ కావచ్చు, కర్తా కావచ్చు. ఆ సందులోంచి దూరింది అమ్మాయి.

శేషు మాస్టారు: "నక్క యడుగ నీక" చూశారా గట్టుగారూ? అడిగేది నక్క, ఇవ్వనిది కోడి. "అడుగ" దగ్గర కర్త మారింది, "ఈక" దగ్గర కోడికి వచ్చేసింది. మూడో పాదంలో ఎక్కడా కోడి పేరు లేదు, అయినా తికమక లేదు.

అనువాదిని: తెలుగులో లేదు. ఇంగ్లీషులో ఉంది. నక్క కూడా "ఇట్", కోడి కూడా "ఇట్". "నక్క అడిగితే ఇట్ ఇవ్వలేదు" అని రాస్తే ఏ ఇట్? సర్వనామం చాలదు, కోడి అనే మళ్ళీ రాయాలి. లేదంటే నక్కని "హీ", కోడిని "షీ" చేసుకోవాలి, పిల్లల కథ కాబట్టి చెల్లుతుంది. కానీ షీ అంటే పెట్ట. చివర కూసింది. అంటే పుంజే. కాబట్టి రెండూ "హీ" అయి మళ్ళీ మొదటికే.

గోదారిగట్టు: పెట్ట కూయకూడదా? కథే కదా.

డల్లాస్ బాబాయి: నాకు పద్యం రాదు, మీరు కర్తల గురించి అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. ఊళ్ళో మా ఇల్లు చూసే ఆయన మెసేజ్ పెట్టాడు: "నిన్న ఫోన్ చేసి వస్తానన్నారు, రాలేదు. మళ్ళీ చేస్తే తీయలేదు." ఇక్కడ పుట్టిన మా అబ్బాయికి ఇంగ్లీషులో పంపాలి. వాడేమో "దే" అని నలుగురు ప్లంబర్లని ఊహించుకుంటున్నాడు.

శేషు మాస్టారు: ఇది సమస్యాపూరణ వేదిక బాబాయిగారూ.

అనువాదిని: ఉండనివ్వండి మాస్టారూ, ఇది మన పాదం కంటే గట్టిది. నలుగురు కాదు, ఒక్కరే. నలుగురైతే "వస్తామన్నారు" అని ఉండేది. "వస్తాను" అన్న మాటలోని నేను, ఆ అన్నవాళ్ళే. "అన్నారు"లో ఉన్నది మర్యాద. ఫోన్ చేసిందీ వాళ్ళే, "చేసి" ఉంది కాబట్టి. "రాలేదు" మాత్రం ఏమీ చెప్పదు. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు, అన్నిటికీ ఒకటే రూపం. అక్కడ ముందు వాక్యాన్ని నమ్మాల్సిందే. రెండో వాక్యంలో "చేస్తే" దగ్గర మనిషి మారాడు. ఫోన్ చేసింది మీ ఇల్లు చూసే ఆయన, తీయనిది అవతలివాళ్ళు. ఒకే ఫోన్ చేయడం, మొదటిసారి ఒకరు, రెండోసారి ఇంకొకరు.

డల్లాస్ బాబాయి: మరి హీ నా షీ నా?

అనువాదిని: అది "అన్నారు"లో లేదు. వచ్చేది ఎవరో ముందు మెసేజుల్లో చూడండి. ఇంకో చిక్కుంది. మీరే వస్తానని ఆయనకి చెప్పి ఉంటే అదంతా "యూ". మిమ్మల్నే నిలదీస్తున్నాడేమో.

డల్లాస్ బాబాయి: అబ్బే, నేను చెప్పలేదు. మా ఆవిడ చెప్పిందేమో కనుక్కుంటా.

ఓరుగల్లు పిల్ల: 😂

గోదారిగట్టు: మాస్టారు నా "కుంది"ని ఉతికారు కానీ, పోయిన వేసవి వారి మామిడిచెట్టు పద్యం ఎవరూ మర్చిపోలేదు. "చెట్టెక్కి పిలువ దిగివచ్చె మామ" అన్నారు. చెట్టెక్కింది ఎవరు స్వామీ?

శేషు మాస్టారు: అల్లుడు! "ఎక్కి"కి దగ్గరి క్రియ "పిలువ", కాబట్టి పిలిచినవాడే ఎక్కాడు.

గోదారిగట్టు: మరి మామ ఎక్కడినుంచి దిగాడు?

శేషు మాస్టారు: మేడ మీదినుంచి.

గోదారిగట్టు: మేడ ఏ పాదంలో ఉంది?

అనువాదిని: "ఎక్కి" నేరుగా "దిగివచ్చె"కీ ముడిపడుతుంది మాస్టారూ. చెట్టెక్కిన మామ, కింద ఎవరో పిలిస్తే దిగాడు. నేనైతే అలాగే ఇంగ్లీషు చేస్తాను.

శేషు మాస్టారు: చెయ్యండి. అరవై ఏళ్ళ మామని చెట్టెక్కించిన పాపం మీదే.

పల్లకి: మామిడిచెట్టు సంగతి పాత చోటే మాట్లాడుకోండి. ఇక్కడ పూరణలకి ఆదివారం దాకా గడువుంది.