మూడో తరగతి పాపకి పదివేళ్ళ టైపింగ్: కీబోర్డు చిన్నది కొనాలా, మామూలుదేనా?

వరూధిని
మా పాపకి ఎనిమిదేళ్ళు. రెండు చూపుడువేళ్ళతోనే టకటకా కొట్టేస్తోంది, కళ్ళు మాత్రం మీటల మీదే. సరిగ్గా నేర్పిద్దామంటే చిటికెనవేలు అందడంలేదంటుంది. పిల్లల కోసమని రంగురంగుల చిన్న కీబోర్డులు అమ్ముతున్నారు కదా, అది కొనమంటారా? రోజుకి ఎంతసేపు కూర్చోబెట్టాలి?

గోదారిగట్టు
చిన్న చేతికి చిన్న కీబోర్డే నయం వరూధిని గారూ. పెద్దదాని మీద వేళ్ళు సాగదీస్తే నొప్పులొస్తాయి. పెద్దయ్యాక మార్చుకోవచ్చు.

టైపుమాస్టారు
గోదారిగట్టు గారు చెప్పినది సగం నిజం. సైజు చూడాల్సిందే, కానీ పెట్టె మీద "పిల్లలది" అని ఉంటే సరిపోదు. ముందు స్కేలు తీసుకుని కొలవండి. Q మీట ఎడమ అంచు నుంచి P మీట ఎడమ అంచు దాకా సుమారు 17 సెంటీమీటర్లు వస్తే అది మామూలు సైజు. అంటే ఒక మీట మధ్య నుంచి పక్క మీట మధ్యకి 19 మిల్లీమీటర్లు. 15 సెంటీమీటర్లే వస్తే మీటలు బాగా దగ్గరగా ఉన్నట్టు. దాని మీద అలవాటైన దూరాలు బడిలో కంప్యూటరు ముందు కూర్చోగానే పనికిరావు, చేతులు మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి.

తర్వాత పాప చేయి చూడండి. ఎడమచేతి నాలుగు వేళ్ళు A, S, D, F మీద పెట్టించి, చిటికెనవేలు A మీదే ఉంచి చూపుడువేలితో T ముట్టుకోమనండి. చిటికెన లేవకుండా అందితే మామూలు కీబోర్డు చాలు. చిటికెన కొంచెం లేచి వెంటనే A మీదకి తిరిగొస్తే కూడా ఫర్వాలేదు. మణికట్టు పక్కకి వంగిపోతే మాత్రం ఇంకో ఏడాది ఆగొచ్చు.

ఎనిమిదేళ్ళ పిల్లల్లో చాలామందికి అందుతుంది. అందలేదు అనేదానికి మామూలుగా కారణం బల్ల ఎత్తు. భోజనాల బల్ల ముందు పెద్దల కుర్చీలో కూర్చుంటే మోచేతులు బల్ల కిందికి దిగి భుజాలు పైకి లేస్తాయి, ఇక వేళ్ళు చాచినా చాలవు. దుప్పటి మడతపెట్టి కింద వేసి, మోచెయ్యి బల్ల అంచు ఎత్తుకి వచ్చేదాకా పాపని లేపండి. అప్పుడు కాళ్ళు వేలాడతాయి, వాటి కింద పీట వేయండి. ఈ రెండూ చేసి T అందుతుందేమో మళ్ళీ చూడండి.

స్వాతిచినుకు
లాప్‌టాప్ మీద నేర్పితే ఒక చిక్కుంది. అరచేయి టచ్‌ప్యాడ్‌కి తగిలి కర్సర్ ఎక్కడికో పోతుంది, పిల్ల తన తప్పనుకుంటుంది. దాన్ని ఆపేయండి, లేదా విడి కీబోర్డు తగిలించండి. కుడివైపు అంకెల మీటలు లేనిదైతే మౌసు దగ్గరగా ఉంటుంది. F, J మీద ఉండే చిన్న గీతలు అరిగిపోయినా, మొదట్నుంచీ పలచగా ఉన్నా, వాటి మీద గోళ్ళరంగు చిన్న బొట్టు పెట్టి ఆరనివ్వండి. వేలికి బాగా తెలుస్తుంది.

నాగార్జునకొండ
మా అబ్బాయిది ఎడమచేతివాటం. వాడికి వేళ్ళు తిరగేసి నేర్పాలా? పైగా ఫోనులో తెలుగు బాగానే కొడతాడు, అది టైపింగ్ కిందికి రాదా?

టైపుమాస్టారు
తిరగేయక్కర్లేదు నాగార్జునకొండ గారూ. రెండు చేతులకీ పని ఉంది కాబట్టి ఎడమచేతివాటం ఇబ్బంది కాదు. ఫోను మాట వేరు, అక్కడ బొటనవేళ్ళదే పని.

వరూధిని గారూ, రోజుకి పది నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఇరవై అయితే చివరి పది నిమిషాల్లో వేళ్ళు అలిసి పాత అలవాటులోకి జారిపోతాయి, అదే గట్టిపడుతుంది. మొదటి రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని F, J వెతికి చేతులు సర్దుకోవడం, చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ వెతకడం. తర్వాత ఐదు నిమిషాలు ఆ రోజు పాఠం. చివరి మూడు నిమిషాలు నేర్చిన మీటలతో మాటలు: dad, ask, fall, flask, salad. మన మాటలూ వస్తాయి, jada అని కొట్టిస్తే పిల్లలకి నవ్వొస్తుంది.

మీటలు జంటలుగా ఇవ్వండి. ముందు F, J. తర్వాత D, K. ఆపైన S, L, చివరికి A, సెమికోలన్. ఈ వరస కుదిరాకే పై వరసలో E, I. మీటలు చూడకుండా ముప్పై అక్షరాలు కొట్టినప్పుడు రెండుకి మించి తప్పులు లేకపోతే కొత్త జంటకి వెళ్ళండి. వేగం ఇప్పుడు లెక్కపెట్టకండి.

పాతబస్తీ
మా రోజుల్లో ఇన్‌స్టిట్యూట్‌లో asdfgf ;lkjhj అని పేజీలకి పేజీలు కొట్టించేవారు. అదే మేలు కదా మాస్టారూ? లోయర్, హయ్యర్ టైపు పరీక్షలు పాసైన వాళ్ళంతా అలా వచ్చినవాళ్ళేగా.

టైపుమాస్టారు
వాళ్ళు కాలేజీ వయసువాళ్ళు పాతబస్తీ గారూ, నిమిషానికి 30 మాటల పరీక్షకి వచ్చినవాళ్ళు. పైగా టైపు మెషిన్ మీట బలంగా కొట్టాలి, అన్ని పేజీలు వేళ్ళకి బలం కోసం కూడా. ఈ మీటలు నెమ్మదిగా తాకితే చాలు. పిల్ల గట్టిగా గుద్దుతుంటే వేళ్ళు నిటారుగా ఉన్నాయని గుర్తు. గుప్పిట్లో నిమ్మకాయ పట్టుకున్నట్టు వంచమనండి. ఆ వరస రోజూ రెండు లైన్లు కొట్టిస్తే తప్పులేదు, పేజీలు వద్దు.

వరూధిని
దుప్పటి, పీట పెట్టి చూశాను, T అందింది! కానీ నిన్న fall అని కొట్టమంటే నాలుగుసార్లూ fakk అని వచ్చింది. ఇవాళ dad బదులు kad. వేళ్ళు పడాల్సిన చోటే పడ్డాయంటుంది. ఒక్క అక్షరం తప్పితే చాలు, బ్యాక్‌స్పేస్ కొట్టుకుంటూ కూర్చుంటుంది.

టైపుమాస్టారు
అవి రెండూ వేరువేరు తప్పులు. fakk అంటే కుడిచేయి మొత్తం ఒక మీట ఎడమకి జరిగింది, అందుకే రెండు L లూ K లయ్యాయి. అదే gsll అని వచ్చుంటే ఎడమచేయి కుడికి జరిగినట్టు. దానికి మందు అక్షరాలు మళ్ళీ చెప్పడం కాదు, చేతులు ఒళ్ళోకి తీసి F, J మళ్ళీ వెతికించడం. బ్యాక్‌స్పేస్ కోసం కుడిచేయి పైకెళ్ళి తిరిగి దిగేటప్పుడే ఇలా జరుగుతుంది. కాబట్టి సాధనలో దిద్దుకోవద్దనండి. తప్పు తప్పుగానే ఉండనిచ్చి తర్వాతి మాటకి వెళ్ళమనండి.

kad సంగతి వేరు. D, K రెండూ నడిమివేళ్ళవే. వేలు సరైనదే, చేయి మారింది. పిల్లల్లో ఇది చాలా మామూలు. ఒకటి రెండు రోజులు ఎడమచేతి మాటలే ఇవ్వండి: dad, sad, add. తర్వాత కలపండి.

చేతుల మీద తువ్వాలు కప్పితే చూడటం మానేస్తుంది, కానీ మొదటి వారం వద్దు. ఏ మీట ఎక్కడుందో తెలియకముందే కప్పితే ఊహించి కొట్టడం మొదలెడుతుంది.

స్వాతిచినుకు
తెలుగు ఎప్పుడు మొదలెట్టొచ్చు మాస్టారూ? ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో గుణింతపు గుర్తులు చాలావరకు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. "పిల్లి" అంటే h f n d n f, చేతులు ఒకటి మార్చి ఒకటి పడతాయి. ఇంగ్లీషు కన్నా ఇదే తేలికని నా అభిప్రాయం.

టైపుమాస్టారు
చేతులు మారే మాట నిజమే. కానీ "ల్ల" కోసం ల, పొల్లు, ల అని విడగొట్టుకోవాలి, వత్తులు బాగా రాయడం వచ్చిన పిల్లకే అది తడుతుంది. నేనైతే ఇంగ్లీషు మూడు వరసలూ అయ్యాక మొదలెడతాను.

గోదారిగట్టు
నేను ఒప్పుకోను. ఇంగ్లీషు చేతికి పట్టాక తెలుగు కొట్టమంటే పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేస్తారు, ఇన్‌స్క్రిప్ట్ జోలికి రారు. వేళ్ళు కుదిరిన మొదటి నెలలోనే "పలక", "తల" లాంటివి ఇవ్వాలి, వాటికి వత్తులే అక్కర్లేదు కదా. వరూధిని గారూ, పాపకి వత్తులు ఎంతవరకు వచ్చాయి?