చిన్న అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్: గది ఇచ్చాక రాత్రీ పగలూ డ్యూటీ అనొచ్చా?

ఫ్లాట్ 302, నిజాంపేట:
మాది 12 ఫ్లాట్ల బిల్డింగ్. పాత వాచ్‌మన్ కుటుంబం ఊరికి వెళ్లిపోయింది. మహబూబ్‌నగర్ వైపు నుంచి భార్యాభర్తలు వస్తామంటున్నారు. సెల్లార్‌లో గది, కరెంటు, నీళ్లు ఇస్తున్నాం కాబట్టి 9 వేలు చాలు, రాత్రీ పగలూ చూసుకోవాలని కమిటీలో సగం మంది అంటున్నారు. టైమింగ్స్ పెట్టి 14 వేలు ఇద్దామని మిగతా సగం. ఏది సరి? పనులు ముందే ఎలా చెప్పాలి?

కూకట్‌పల్లి ఓనర్:
సెల్లార్ గదికి బయట అద్దె 5 వేలైనా ఉంటుంది. తొమ్మిదీ ఐదూ పద్నాలుగు. అంటే రెండు వర్గాలూ ఒకే జీతం చెబుతున్నాయి. ఇక రోజంతా అంటే రోజంతా చాకిరీ అని కాదు, మనిషి బిల్డింగ్‌లో ఉండాలని అర్థం. దీనికి గంటల లెక్క ఎందుకో నాకు అర్థం కాదు.

మియాపూర్ సెక్రటరీ:
గంటల లెక్క లేకపోతే ఏమవుతుందంటే, మనిషి బయటికి అడుగు పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు "డ్యూటీలో లేడు" అని గ్రూపులో పెడతారు. సరుకులకు వెళ్లినా తప్పే అవుతుంది. ఆర్నెల్లు తిరగకుండా వాళ్లు వేరే బిల్డింగ్ చూసుకుంటారు.

గది అద్దెను జీతంలో కలపడం కూడా సరికాదు. ఇంటి వసతి, కరెంటు, నీళ్ల విలువను వేతనంగా లెక్కించకూడదన్నది 1948 కనీస వేతనాల చట్టం నాటి నుంచీ ఉన్న మాట. అసలు ఆ గది మన అవసరానికి ఇస్తున్నాం. మోటారు దగ్గర, గేటు దగ్గర మనిషి ఉండాలని మనమే అక్కడ పెట్టుకుంటున్నాం.

మా దగ్గర పని ఇలా పంచాం. ఉదయం 5:30కి మోటారు వేయడంతో మొదలు. మెట్లు, సెల్లార్ ఊడవడం, చెత్త ఆటో వచ్చేలోపు డబ్బాలు కిందికి దించడం, ఇవన్నీ 9:30కల్లా అయిపోతాయి. అక్కడి నుంచి సాయంత్రం 4 దాకా వాళ్ల సమయం వాళ్లది. మళ్లీ 4 నుంచి 9 దాకా మోటారు, లైట్లు, గేటు, వచ్చిపోయేవాళ్లు. మొత్తం తొమ్మిది గంటలు. రాత్రి 10:30కి గేటుకు తాళం వేస్తాడు. ప్రతి ఫ్లాట్ దగ్గరా ఒక తాళంచెవి ఉంటుంది, ఆలస్యంగా వచ్చినవాళ్లు తామే తీసుకుని మళ్లీ వేయాలి. ఆ తర్వాత మనిషిని లేపేది లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటేనో, పొగ వస్తేనో, దొంగ భయం ఉంటేనో.

రాత్రి నిద్ర చెడగొట్టేది ఎక్కువగా నీళ్లు. మా వైపు మంచినీళ్లు వేళకాని వేళ వదులుతారు. వాల్వు తిప్పడానికి అర్ధరాత్రి లేచేవాడు. సంపులోకి వచ్చే పైపుకు ఫ్లోట్ వాల్వు పెట్టించాం, నిండగానే అదే మూసుకుంటుంది. మోటారుకు ఆటోమేటిక్ లెవల్ కంట్రోలర్ పెట్టాం. ఒక జాగ్రత్త: సెన్సర్ పైన ట్యాంకులోనే కాదు, సంపులోనూ ఉండాలి. లేదంటే సంపు ఖాళీ అయినా మోటారు తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని సెన్సర్ పనిచేయడం మానేస్తుంది కూడా. పైన ఓవర్‌ఫ్లో పైపు నుంచి నీళ్లు కారుతున్నాయంటే సెన్సర్‌ను శుభ్రం చేయించాలని అర్థం.

మీ 9 వేలకూ 14 వేలకూ తేడా 5 వేలు. 12 ఫ్లాట్లకు పంచితే నెలకు ఒక్కొక్కరికి 417 రూపాయలు. కమిటీలో ఈ అంకె చెప్పి చూడండి.

సైనిక్‌పురి:
ఈ గొడవంతా దేనికండీ? ఏజెన్సీ గార్డును పెట్టుకుంటే లీవులు, పీఎఫ్, మనిషి మారడం అన్నీ వాళ్లే చూసుకుంటారు.

మియాపూర్ సెక్రటరీ:
పెద్ద కమ్యూనిటీకి ఆ మాట నిజమే. 12 ఫ్లాట్లకు రెండు షిఫ్టులకు ఇద్దరు గార్డులు కావాలి, పైన ఏజెన్సీ కమీషన్, జీఎస్టీ. గార్డు చీపురు పట్టడు, మోటారు ముట్టడు. వాటికి మళ్లీ వేరే మనిషిని వెతుక్కోవాలి.

బీరంగూడ నివాసి:
మా అనుభవం వినండి. కూతురి పెళ్లి అంటే 40 వేలు అడ్వాన్స్ ఇచ్చాం. పండక్కి ఊరెళ్లిన మనిషి తిరిగి రాలేదు, ఫోన్ స్విచ్ఛాఫ్. జీతం, టైమింగ్స్ తర్వాత సంగతి. ముందు ఒరిజినల్ ఆధార్ తీసుకుని దగ్గర పెట్టుకోండి.

వాచ్‌మన్ కొడుకు:
నేను సెల్లార్ గదిలో చదువుకుని ఇవాళ ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆధార్ లాక్కోవడం దగ్గరే మొదలుపెడితే ఆ మనిషి మిమ్మల్ని ఏం నమ్ముతాడు? రేషన్‌కీ, బ్యాంకుకీ, పిల్లల బడికీ అదే కావాలి. జిరాక్స్ తీసుకోండి, పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, ఊళ్లో తెలిసినవాళ్ల నంబరు ఒకటి రాసుకోండి.

మా నాన్నకు పని కష్టం అనిపించలేదు. పది ఫ్లాట్లకు పది మంది యజమానులు ఉండటమే కష్టం. ఒకరు పాల ప్యాకెట్‌కు పంపితే ఇంకొకరు గేటు దగ్గర లేవేంటని అరిచేవారు. మెట్లు కడిగింది మా అమ్మ, జీతం మాత్రం నాన్న పేరు మీద ఒక్కటే. "ఇద్దరూ ఉన్నారు కదా" అని పని ఇద్దరికీ చెప్పారు, డబ్బు ఒకరికే ఇచ్చారు. 302 గారూ, మీ 14 వేలు ఒకరికా, ఇద్దరికా? అది ముందు తేల్చండి.

ఫ్లాట్ 302, నిజాంపేట:
నిజం చెప్పాలంటే అది ఎవరూ అడగలేదు. ఇద్దరికీ కలిపే అనుకున్నాం.

మియాపూర్ సెక్రటరీ:
తమ్ముడు అసలు విషయం పట్టుకున్నాడు. మా దగ్గర ఊడవడం, కడగడం ఆమె పని. దానికి 4 వేలు ఆమె ఖాతాలోనే వేస్తాం. మోటారు, గేటు, చెత్త అతని పని, దానికి 11 వేలు. మధ్యాహ్నం ఆమె ఫ్లాట్లలో చేసే అంట్లు, ఇల్లు తుడవడం వాళ్లూ వాళ్లూ మాట్లాడుకుంటారు, అసోసియేషన్‌కు సంబంధం లేదు. కార్లు కడగడమూ అంతే. పిల్లలకు ఏ పనీ చెప్పకూడదని మొదటి మీటింగ్‌లోనే రాసుకున్నాం.

పని చెప్పేది ఒక్కరే, సెక్రటరీ. మిగతావాళ్లకు ఏమైనా కావాలంటే సెక్రటరీకి చెప్పాలి. గేటు దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. ట్యాంకర్ వచ్చిన తేదీ, లిఫ్ట్ మెకానిక్ వచ్చిన రోజు, ఏం చెడిపోయింది, అంతే. మొదట్లో పెద్ద రిజిస్టర్ పెడితే అతను రాయలేక మానేశాడు. ఇప్పుడు రాయడం కుదరకపోతే నాకు వాయిస్ మెసేజ్ పెడతాడు, నేను రాసుకుంటాను. లీక్ అయితే ఫొటో పంపుతాడు.

అడ్వాన్స్ ఒక నెల జీతం దాటనివ్వం. నెలకు 1500 చొప్పున పట్టుకుంటాం, మిగిలింది ఎంతో ప్రతి నెలా అతనికి చూపిస్తాం. బీరంగూడ గారూ, అప్పు తీరేదాకా కదలడానికి లేదని మనిషిని కట్టిపడేస్తే అది 1976 వెట్టిచాకిరీ నిషేధ చట్టం కిందికి వస్తుంది. కాగితాలు మన దగ్గర పెట్టుకోవడం ఆ దారే.

బీరంగూడ నివాసి:
చట్టం సరే, మా 40 వేలు పోయిన మాట కూడా నిజమే కదా. మా వాళ్లు ఇక అడ్వాన్స్ ఇవ్వొద్దనే నిర్ణయించారు.

కూకట్‌పల్లి ఓనర్:
ఇద్దరికీ వేరుగా ఇవ్వాలన్నది ఒప్పుకుంటాను. రాత్రి విషయంలో మాత్రం కాదు. మా ఫ్లాట్‌లో 80 ఏళ్ల అమ్మ ఉంది. అర్ధరాత్రి అంబులెన్స్ వస్తే గేటు తీసే మనిషి కావాలి.

మియాపూర్ సెక్రటరీ:
అలాంటప్పుడు లేపొద్దని ఎవరూ అనరు, అది ఆపద కింద రాసుకోండి. పార్శిల్ కోసమో, సినిమా నుంచి వచ్చామనో లేపకూడదన్నదే నా మాట.

ఫ్లాట్ 302, నిజాంపేట:
నిన్న మీటింగ్ అయింది. అతనికి 10, ఆమెకు 4, నేరుగా ఖాతాల్లోకి. ఉదయం, సాయంత్రం గంటలు కాగితం మీద రాసి వాళ్లకు చదివి వినిపించాం. ఆయన ఒక్కటే అడిగాడు, ఆదివారం సాయంత్రం సెలవు కావాలని. ఆ పూట మోటారు ఎవరు వేయాలన్న దగ్గర ఆగిపోయాం. కంట్రోలర్‌కు కొటేషన్ అడిగాను. అది వచ్చేదాకా వంతులు వేసుకుందామంటే ఏడుగురు ఒప్పుకున్నారు, ఐదుగురు ఇంకా ఏమీ చెప్పలేదు.

వాచ్‌మన్ కొడుకు:
ఏడుగురితోనే మొదలుపెట్టండి. వాళ్లు వచ్చే ముందు ఆ గదికి కిటికీ ఉందో లేదో, బాత్రూంలో నీళ్లు వస్తున్నాయో లేదో ఒకసారి దిగి చూడండి.