సగటు సైకిల్ టైమ్ పట్టుకుని డెలివరీ తేదీ చెప్పొచ్చా?

విజీనగరం కుర్రాడు

మూడు లాంతర్ల దగ్గర చిన్న ఆఫీసు మాది, ముగ్గురం. రైస్ మిల్లుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. గత 6 వారాల్లో 12 పనులు ముగించాం. బోర్డులో పనుల కార్డుల మీద మొదలైన తేదీ, ముగిసిన తేదీ తీసి చూస్తే ఒక్కో పనికి పట్టిన రోజులు, అదే సైకిల్ టైమ్, ఇవీ: 1, 1, 2, 2, 2, 3, 3, 4, 4, 6, 9, 17. సగటు నాలుగున్నర. ఇంకా 20 పనులున్నాయి. 20 × 4.5 = 90, ముగ్గురం కాబట్టి 30 రోజులు. సిరిమానోత్సవానికి 9 వారాలుంది, ఆ లోపు ఇచ్చేస్తామని మిల్లు ఓనరుకి మాటిద్దామనుకుంటున్నా. సగటుతో తేదీ చెప్పకూడదని మావాడొకడు గొడవ. మీరేమంటారు?

పక్కా ప్లానర్

మీవాడిదే రైటు. ఆ 17 ఒక్కటే సగటుని పైకి లాగేసింది. సగం పనులు 3 రోజుల్లోపే అయిపోయాయి కదా. ఇలాంటి చోట 85వ పర్సంటైల్, అంటే నూటికి 85 పనులు ఎన్ని రోజుల్లోపు ముగిశాయో ఆ అంకె, తీసుకోవాలి. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే మీ 12లో అది పదకొండోది, 9 రోజులు. 20 × 9 ÷ 3 = 60 రోజులు. మీకున్నవి 63. ధైర్యంగా మాటిచ్చేయండి.

పలాస జీడి

మా బట్టీలో ఈ లెక్క ఎప్పుడో తేలిపోయింది బాబూ. పిక్కలు ఉడకబెట్టి, కొట్టి, పప్పు ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడు చేసేదాకా మాకు వారం. కానీ ఆర్డరిచ్చిన షావుకారుకి సరుకు అందేది మూడు వారాలకి. ముందు ఆర్డర్లు అవ్వాలి, పిక్కలు రావాలి. ఆయన ఫోన్ చేసిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటాడు, మేం బాయిలరు వెలిగించిన రోజు నుంచి. నువ్వు ఏ రోజు నుంచి లెక్కేస్తున్నావో ముందు అది చెప్పు.

నాగావళి గట్టు

జీడి గారు అడిగింది వేరే ప్రశ్న, కానీ అసలైనదే. మీరు చూపిస్తున్నది సైకిల్ టైమ్. ఓనరు చూసేది లీడ్ టైమ్, ఆయన అడిగిన రోజు నుంచి చేతికందేదాకా. అలాగని దాన్ని కార్డు పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టినా మోసపోతారు. ఎప్పుడో ఓనరు మాటవరసకి అన్నది కార్డుగా రాసి పడేసి ఉంటారు, అది లీడ్ టైముని నాలుగు నెలలు చూపిస్తుంది. ‘సరే, ఇది చేస్తాం’ అని ఒప్పుకున్న రోజు నుంచి లెక్కపెట్టండి.

ప్లానర్ గారూ, ఆ 9 ఒక్క పనికి మాటివ్వడానికి బాగుంటుంది. ఓనరు ‘ఈ ఒక్కటి మొదలెడితే ఎన్నాళ్లు?’ అంటే 9 రోజులనొచ్చు. దాన్ని 20తో గుణించకూడదు. 20 పనులూ కలిసి ఒకేసారి ఆలస్యం కావు. మరి 60 రోజులంటే చాలా ఎక్కువ చెప్పినట్టు ఉండాలి కదా? తమాషా ఏంటంటే, ఇక్కడ అది కూడా తక్కువే. ఎందుకంటే ‘÷ 3’ దగ్గరే లెక్క తప్పింది.

6 వారాలంటే 42 రోజులు. ముగ్గురికి 126. ముగిసిన 12 పనుల రోజులన్నీ కూడితే 54. మిగతా 72 రోజులు ఎక్కడికి పోయాయి? ముగ్గురూ తలా ఒక పని చొప్పున ఆగకుండా చేసి ఉంటే, నాలుగున్నర రోజుల సగటుతో ఈపాటికి 28 పనులు ముగియాలి. ముగిసినవి 12. బోర్డులో ఇంకా ముగియని కార్డులేమైనా ఉన్నాయా?

విజీనగరం కుర్రాడు

ఉన్నాయండి, రెండు. కాటా నుంచి బరువు నేరుగా బిల్లులోకి రావడం ఒకటి, నెట్ పోయినప్పుడు స్టాకు లెక్క కలవడం ఒకటి. మొదటిది 38 రోజులుగా, రెండోది 31 రోజులుగా నడుస్తున్నాయి. మిగిలిన 20లో ఇవీ ఉన్నాయి. ముగియలేదు కాబట్టి సగటులో కలపలేదు.

నాగావళి గట్టు

38, 31 కలిపితే 69. మీ 72 దాదాపు దొరికాయి. మీ ఇద్దరూ ఆ రెండింటి మీదే కూర్చున్నారు, మూడో మనిషి ఆ 12లో చాలావరకు లాగించాడు. అవునా?

ముగిసినవాటినే లెక్కేస్తే వచ్చే చిక్కు ఇదే. మొండి పనులు ముగిసేదాకా లెక్కలోకి రావు, అంతవరకు సగటు ముద్దుగా కనిపిస్తుంది. అందుకే సైకిల్ టైమ్ పక్కనే, నడుస్తున్న ప్రతి కార్డు వయసూ రాసుకోవాలి. మీ 85 శాతం గీత 9 రోజుల దగ్గరుంది. ఆ కాటా కార్డు పదో రోజునే గట్టిగా అరవాల్సింది.

20 పనుల తేదీకి సైకిల్ టైమ్ వదిలేసి, వారానికి ఎన్ని ముగిశాయో చెప్పండి.

విజీనగరం కుర్రాడు

మూడో మనిషిని నేనేనండి 😀 వారాల వారీగా 3, 1, 2, 0, 4, 2. సున్నా వచ్చిన వారం ఇంట్లో పెళ్లి.

నాగావళి గట్టు

ఆ ఆరు అంకెలూ ఆరు చీటీల మీద రాసి డబ్బాలో వేయండి. ఒకటి తీయండి, ఆ వారం అన్ని పనులైనట్టు. చీటీ మళ్లీ డబ్బాలో వేయండి. 20 నిండేదాకా ఎన్నిసార్లు తీశారో అన్ని వారాలు. ఇదే ఆట పదివేల సార్లు ఆడితే:

```python
import random
weeks = [3, 1, 2, 0, 4, 2]

def play(left=20):
    n = 0
    while left > 0:
        left -= random.choice(weeks)
        n += 1
    return n

r = sorted(play() for _ in range(10000))
print(r[5000], r[8500])
```

`10 13` వస్తుంది. 10 వారాల్లో అయ్యే అవకాశం సగానికి కాస్త పైన, 12 వారాలకు 84 శాతం దగ్గర, 13 అయితే తొంభై దాటుతుంది. సిరిమానుకున్న 9 వారాల్లో అవడం మూడింట ఒక వంతు. పెళ్లి వారాన్ని తీసేయకండి, ముందు ముందు కూడా పెళ్లిళ్లుంటాయి.

పక్కా ప్లానర్

గుణించడం తప్పే, ఒప్పుకుంటా. కానీ మీ చీటీల్లోనూ లొసుగుంది. ఆ ఆరు వారాలూ ఇద్దరు ఇరుక్కుని ఉన్న వారాలు. రేపు కాటా పని తెమిలితే వారానికి నాలుగైదు అవుతాయి. అప్పుడు 13 వారాలని చెప్పడం ఓనరుని ఊరికే భయపెట్టడమే.

నాగావళి గట్టు

తెమిలితే. మిగిలిన 18లో ఇలాంటివి ఇంకో రెండు లేవని ఎవరు చెప్పగలరు? 12 ముగిసేలోపు రెండు మొండివి తగిలాయి. తెమిలాక మూడు వారాలు చూసి, పాత చీటీలు తీసేసి కొత్తవి వేద్దాం, నాకేం అభ్యంతరం లేదు. ముందే ఊహించి వేయను.

ఇంకో మాట. ఆ వారాల అంకెలు కూడా ఒకసారి అనుమానించండి. ముగిసిన సమయాలు చూడండి, శనివారం సాయంత్రం ఐదు నిమిషాల్లో నాలుగు కార్డులు ముగిసినట్టుంటే, అవి అప్పుడు అయినవి కావు, అప్పుడు ‘ముగిసింది’ గడిలోకి జరిపినవి.

విజీనగరం కుర్రాడు

😬 ఆ 4 వచ్చిన వారం సరిగ్గా అదే. ముందు వారం పెళ్లి హడావుడిలో రెండు కార్డులు జరపలేదు.

నాగావళి గట్టు

అయితే ఆ చీటీలు 0, 4 కావు, 2, 2. మొత్తం మారదు, సగటు 10 వారాలే. ఊగిసలాట తగ్గుతుంది కాబట్టి 85 శాతం మాట రెండు వారాల దాకా ముందుకి రావొచ్చు. మార్చి మళ్లీ నడపండి. ఆ కార్డుల సైకిల్ టైమ్ కూడా కాస్త తగ్గుతుంది.

పక్కా ప్లానర్

మరి ఆదివారాలు తీసేసి లెక్కేయాలా వద్దా? నేనైతే తీసేస్తా.

పలాస జీడి

షావుకారుకి ఆదివారం ఉండదు బాబూ.

చీపురుపల్లి మిల్లు గుమస్తా

మీ లెక్కలు నాకు సగమే ఎక్కాయి గానీ ఒకటడుగుతా. ఓనరు సిరిమాను అన్నాడా, మీరే పెట్టుకున్నారా? మా మిల్లుకి అసలు పని కొత్త ధాన్యం దిగాక, నవంబరు ఆఖరు నుంచి. ఆ లోపు కాటా బరువు బిల్లులో పడితే చాలు. మిగతా పంతొమ్మిదీ సంక్రాంతికి ఇచ్చినా ఏ గుమస్తా ఏడవడు.

విజీనగరం కుర్రాడు

సిరిమాను నేనే పెట్టుకున్నానండి 🙏 రేపు నేనూ కాటా మీదే కూర్చుంటా. అది అయ్యేదాకా కొత్త కార్డు తీయను. ఓనరుకి తేదీ మూడు వారాలాగి చెప్తా.