పెళ్లయిందా, మతమేమిటి అని రిక్రూటర్ అడిగితే ఏమనాలి?

కొత్తచిగురు: హైదరాబాదులో అకౌంట్స్ ఉద్యోగానికి ఫోన్ చేసిన రిక్రూటర్ "పెళ్లయిందా, పిల్లలున్నారా, మీరు ఏ మతం?" అని అడిగారు. ఉద్యోగం చేజారకుండా, మర్యాద తప్పకుండా ఏమని చెప్పాలి?

న్యాయపక్షం: అడగడమే నేరమండీ. రాజ్యాంగంలోని 16వ అధికరణం ఇటువంటి వివక్షను నిషేధించింది. ఆ మాటే గట్టిగా చెప్పి ఫోన్ పెట్టేయండి.

పాత హెచ్ఆర్: 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకు సంబంధించినది. ప్రైవేటు సంస్థలు పెళ్లి గురించి అడగడాన్నే నేరమనే సాధారణ చట్టం మనకు లేదు. స్త్రీ అన్న కారణంతో నియామకంలో వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం నుంచీ ఉన్నా, ఒక్క ఫోన్ కాల్‌తో దాన్ని రుజువు చేయడం కష్టం కనుక, చట్టం ఊసు మొదటే ఎత్తవద్దంటాను.

అడిగిన తీరును గమనించండి. జీతం, నోటీసు పీరియడ్ మధ్యలో గబగబా అడిగారంటే, ఏజెన్సీ ఇచ్చిన ఎక్సెల్ షీటు నింపుతున్నారన్నమాట. "ఆ గడి ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి" అంటే చాలు. ఆగి, పిల్లల గురించి గుచ్చి అడిగితే మాత్రం వారి అనుమానం సెలవుల మీద, పనివేళల మీద. అప్పుడు దానికే జవాబివ్వండి: "నెలాఖరు క్లోజింగ్ రోజుల్లో ఆలస్యంగా ఉండగలను, ముప్పై రోజుల్లో చేరగలను. వేళల విషయంలో మీకు ఇంకేదైనా అవసరం ఉందా?" ఉండగలిగితేనే అనండి సుమా. మళ్లీ అడిగితే, "ఆ వివరాలు ఆఫర్ వచ్చాక జాయినింగ్ ఫారాల్లో ఇస్తాను" అనండి. ఇది తప్పించుకోవడం కాదు. పీఎఫ్ కోసం నింపే ఫారం 11లో పుట్టినతేదీ, వైవాహిక స్థితి ఉంటాయి, గ్రాట్యుటీ నామినేషన్ ఫారం ఎఫ్‌లో మతం గడి కూడా ఉంటుంది. కానీ వాటి అవసరం ఉద్యోగం ఇచ్చాకే.

నలభైఏడు: నా బాధ వయసుతో. ఎంత వయసని అడిగితే "ఇరవై రెండేళ్ల అనుభవముంది" అన్నాను, ఆమె చల్లగా "పదో తరగతి ఏ సంవత్సరంలో పాసయ్యారు సార్?" అంది. ఆ రోజే రెజ్యూమే నుంచి ఆ సంవత్సరం తీసేశాను, అయినా పదో తరగతి మెమో ఎప్పుడో ఒకప్పుడు చూపక తప్పదు కదా.

విజయవాడ అక్క: నేనైతే దాచను. పదిమంది పనిచేసే చిన్న ఆఫీసుల్లో చెప్పకపోతే పొగరనుకుంటారు.

పాత హెచ్ఆర్: అక్కా, మీ అనుభవం కాదనను. పెళ్లి సంగతి చెప్పినా నష్టం లేదనిపిస్తే చెప్పవచ్చు. మతం విషయంలో మాత్రం నేను ఒప్పుకోను, "ఈ పనికి అది ఎలా అవసరమో చెబుతారా?" అని నెమ్మదిగా అడగడమే నయం.

కొత్తచిగురు: ఈ రోజు మళ్లీ ఫోన్ చేశారు. ఖాళీగా ఉంచమన్నాను. "మా సిస్టమ్ ఖాళీ గడిని తీసుకోదు మేడమ్" అన్నారు. "చెప్పలేదు అని రాయండి" అన్నాను. రాశారో లేదో తెలియదు కానీ, ఇంటర్వ్యూ మాత్రం గురువారానికి పెట్టారు.