"మైనర్ లాస్" అంటే "స్వల్ప నష్టం" అనొచ్చా?

పాలిటెక్నిక్ నోట్సు: పిల్లలకి పైపుల పాఠం తెలుగులో రాస్తున్నా. బెండ్లు, టీలు, వాల్వుల దగ్గర పోయే హెడ్‌ని "స్వల్ప నష్టాలు" అని రాస్తే సరిపోతుందా?

గోదారి గట్టు: సరిపోతుందండీ. పైపు రాపిడి లెక్కేసి దానికి ఓ పది శాతం కలిపేస్తారు, మేం ఎప్పుడూ అంతే చేస్తాం.

సీతక్క: నష్టం అంటే లీకేజీ కదా, మా అపార్ట్‌మెంట్‌లో జాయింట్ల దగ్గర కారి నెలకి ఎన్ని నీళ్ళు పోతున్నాయో...

రిటైర్డు పంపు మనిషి: అక్కా, ఇక్కడ చుక్క నీరు కూడా బయటికి పోదు, పోయేది నీటిని తోసే ఎత్తు. అందుకే ఉత్త "నష్టం" అంటే జనం లీకు అనుకుంటారు, "ఎత్తు నష్టం" అనాలి. ఇక "స్వల్ప" అయితే తప్పే. 600 మీటర్ల లైన్లో గోదారి గట్టు గారి పది శాతం ఎక్కువే అవుతుంది, కానీ ఇంట్లో పనికిరాదు. మిద్దె ట్యాంకు నుంచి బాత్రూంకి లోపలి వ్యాసం 25 మి.మీ. ఉన్న పైపు 6 మీటర్లు అనుకోండి, రాపిడి గుణకం f 0.025 అయితే నిటారు పైపుకి fL/D 6 వస్తుంది. ఇక నష్ట గుణకాలు చూస్తే, ఐదు ఎల్బోలు ఒక్కోటి 0.9, టీలో పక్కకి తిరిగినందుకు 1.8, ట్యాంకు మూతి 0.5, గ్లోబ్ వాల్వ్ ఒక్కటే 10, అంతా కలిపి 16.8, అంటే పైపు కంటే దాదాపు మూడు రెట్లు! చివర్లో నీరు వేగంతో బయటపడేందుకు ఇంకో 1. మొత్తం 23.8ని వేగం వల్ల వచ్చే ఎత్తు V²/2g తో గుణించాలి.

సీతక్క: అయితే మా పై ఇంట్లో కుళాయి తల తీసినా 10 లీటర్ల బకెట్ నిండడానికి 20 సెకన్లు పడుతోంది, ఇదేనా?

రిటైర్డు పంపు మనిషి: అయ్యుండొచ్చు. 20 సెకన్లంటే సెకనుకి అర లీటరు, వేగం 1.02 మీటర్లు, V²/2g 0.053, మొత్తం 1.26 మీటర్లు. మీ ట్యాంకు నీటి మట్టం పైపు చివరి కంటే సుమారు అంతే పైన ఉంటే లెక్క కుదిరినట్టే. గ్లోబ్ తీసి గేట్ వాల్వ్ పెడితే 10 పోయి 0.2 అవుతుంది, బకెట్ సుమారు 15 సెకన్లలో నిండుతుంది. కానీ దాన్ని పూర్తిగా తెరవాలి, సగం తెరిస్తే 2 దాటుతుంది, పావే తెరిస్తే 17 దాకా పోతుంది.

గోదారి గట్టు: ఈ అంకెలు నమ్మొచ్చా? మా పట్టికలో ఎల్బోకి 1.5 ఉంది.

రిటైర్డు పంపు మనిషి: తయారీని బట్టి మారతాయి. రెండు ఎల్బోలు వెంటవెంటనే ఉంటే విడివిడిగా కూడడం కూడా సరికాదు, ఎందుకంటే మొదటి దాని సుడి తగ్గకముందే రెండోది వస్తుంది. టీకైతే ఏ కొమ్మ వేగంతో గుణించాలో పట్టిక కింద చూసుకోవాలి, లేకపోతే లెక్క మొత్తం తప్పిపోతుంది.

పాలిటెక్నిక్ నోట్సు: "జోడింపు నష్టం" అంటే ఎలా ఉంటుంది? టీ, వాల్వు రెండూ జోడింపులే కదా.

సీతక్క: ట్యాంకు మూతి జోడింపు కాదుగా మరి!

పాలిటెక్నిక్ నోట్సు: అవును అక్కా, అక్కడే ఆగా. "స్థానిక నష్టం" అంటే మూతి కూడా వస్తుంది కానీ ప్రాంతీయం లాగా వినిపిస్తోంది...